మోకాలి వెనక రక్తనాళం తెగిన కాలు: ముందు ఫిక్సేటరా, ముందు షంటా?

నైట్‌డ్యూటీ_పీజీ
అందరికీ నమస్కారం. ఆర్థో రెండో సంవత్సరం, హైదరాబాద్. ఐదు వారాల కిందటి కేసు ఒకటి ఇంకా బుర్రలోంచి పోవడం లేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను.

27 ఏళ్ల కుర్రాడు, బైక్ మీద డెలివరీలు చేస్తాడు. శామీర్‌పేట వైపు ఓఆర్ఆర్ సర్వీస్ రోడ్డులో రాత్రి 9:40కి లారీ గుద్దింది. ముందు దగ్గర్లోని ఒక నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్లారు. వాళ్లు ఎక్స్‌రే తీసి, కట్టు కట్టి, స్లాబ్ వేసి, రెండు గంటలకు పైగా ఉంచి మా దగ్గరికి పంపారు. కట్టు విప్పి పాదం పట్టుకుని చూసినవాళ్లు లేరు. మా క్యాజువాలిటీలోకి వచ్చేసరికి 12:50. బీపీ 84/50. రెండు యూనిట్ల రక్తం ఎక్కాక 108కి వచ్చింది.

కుడి మోకాలి కింద టిబియా పైభాగం ముక్కలుముక్కలు. లోపలి వైపు నుంచి పిక్క వెనక దాకా చర్మం చిరిగి ఎముక కనిపిస్తోంది. పాదం తెల్లగా పాలిపోయి చల్లగా ఉంది. రక్త ప్రవాహం వినిపించే డాప్లర్ పెడితే చప్పుడు లేదు. అరికాల్లో స్పర్శ లేదు, వేళ్లు కదల్లేదు. పిక్క మాత్రం మెత్తగానే ఉంది, చీలమండ ఆడిస్తే ఆడుతోంది.

ఓటీలో గొడవ మొదలైంది. మా యూనిట్ సార్ "ముందు బయటి నుంచి పిన్నులతో ఎముకను పట్టి ఉంచే ఫిక్సేటర్ వేసేద్దాం, నలభై నిమిషాలు, ఎముక నిలబడితే నాళం కుట్టడం తేలిక" అన్నారు. వాస్కులర్ సార్ "ముందు రక్తం వెళ్లేలా షంట్ గొట్టం పెడతా, తర్వాత మీ ఇష్టం" అన్నారు. ఇంకో సీనియర్ కాలు ఉంచాలా తీయాలా అని మార్కులతో తేల్చే లెక్క వేసి "మెస్ స్కోరు ఏడు, ఎందుకీ అవస్థ, తీసేయండి" అన్నారు. చివరికి షంటే పెట్టాం. 2:15కి కాల్లోకి రక్తం వెళ్లింది. అరికాలు మాత్రం ఇప్పటికీ మొద్దుగానే ఉంది. చేసింది సరైనదేనా?

కొత్తపేట_మూర్తి
షంట్ అంటే మా నాన్నగారికి డయాలసిస్ కోసం చేతికి పెట్టారు కదా, అదేనా డాక్టర్ గారూ? ఆయనది మూడు నెలలకే మూసుకుపోయింది. రోజూ చెవి ఆనించి జుమ్మనే చప్పుడు వినమన్నారు. కాలికి పెట్టినవాళ్లు కూడా అలాగే వినాలా?

నైట్‌డ్యూటీ_పీజీ
కాదండీ. మీ నాన్నగారిది ఏళ్ల తరబడి వాడుకోవడానికి చేసేది. ఇది రెండు మూడు గంటలకు పెట్టే ప్లాస్టిక్ గొట్టం. నాళం రెండు చోట్ల తెగి మధ్య ముక్క నలిగిపోతే, పై కొసనూ కింది కొసనూ గొట్టంతో కలుపుతాం, పని అయ్యాక తీసేస్తాం. చప్పుడు వినే మాట నిజమే, కానీ డాప్లర్‌తో మేమే వింటాం.

పాత_సర్జన్
తమ్ముడూ, ముందు మీ యూనిట్ సార్ లెక్క చూద్దాం. ఆయన నలభై నిమిషాలు అన్నది ఫిక్సేటర్‌కి మాత్రమే. ఆ తర్వాత రక్తం వెంటనే వెళ్లదు కదా. ఎదుటి తొడ నుంచి సఫినస్ సిర తీయాలి, దాన్ని తిప్పి తెగిన నాళం మధ్యలో పెట్టి, పైన ఒకటి, కింద ఒకటి అతుకులు వేయాలి. అలవాటున్న చేతికి కూడా దానికి రెండు గంటలకు పైనే పడుతుంది. ఒకటిన్నరకు ఓటీలోకి వెళ్లారనుకుంటే, ఎముక ముందు చేసి ఉంటే పాదానికి రక్తం వెళ్లేది ఐదు గంటలకు దగ్గర్లో. దెబ్బ తగిలి ఏడు గంటలు దాటేది. మీరు నాలుగు గంటల ముప్పై అయిదు నిమిషాలకు ఇచ్చారు. కండకూ నరానికీ ఆ రెండున్నర గంటలు చిన్నవి కావు.

మరి నాళం ముందు కుట్టేసి ఎముక తర్వాత చేయవచ్చు కదా అని అడిగేవాళ్లుంటారు. ఎముక కుంగి ఉన్నప్పుడు కాలు పొట్టిగా ఉంటుంది. ఆ పొడవుకు సిరను కొలిచి కుడితే, ఫిక్సేటర్‌తో లాగినప్పుడు కుట్లు తెగుతాయి, లేదా ఆ సిర గ్రాఫ్ట్ బిగుసుకుపోయి గడ్డ కడుతుంది. షంట్ ఈ ఇరకాటం కోసమే వచ్చింది. 1971లోనే ఇజ్రాయెల్ సర్జన్లు దీని గురించి రాశారు. మా రోజుల్లో ఇక్కడ కాగితాల్లో చదివాం తప్ప చేయలేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

కత్తి_రెడ్డి
సార్, అందరం భావోద్వేగంతో మాట్లాడుతున్నాం. మెస్ స్కోరు ఉన్నదే ఇలాంటి రాత్రుల కోసం. 7, ఆ పైన వస్తే తీసేయాలి, పుస్తకంలో రాసి ఉంది. గంగా హాస్పిటల్ స్కోరు వేసినా 17 పైన వచ్చేది. రెండు స్కోర్లూ చెబుతుంటే మూడో మాట ఎందుకు?

వాస్కులర్_అక్క
కత్తి_రెడ్డి గారూ, సగం సరిగ్గా చెప్పారు. మిగతా సగం ప్రమాదం.

స్కోరు ముందు చేతితో వేద్దాం. లారీ దెబ్బ, ఎముక ముక్కలు: 3. పాదం చల్లగా, స్పర్శా కదలికా లేకుండా: 3. బీపీ పడి రక్తంతో లేచింది: 1. వయసు ముప్పై లోపు: 0. మొత్తం 7. ఇందులో రక్తం లేకపోవడానికి ఇచ్చే మార్కు ఆరు గంటలు దాటితే రెట్టింపవుతుంది, అంటే 10. ఒకే కాలు, ఒకే కుర్రాడు, ఓటీలో వరస మారితే స్కోరు మారిపోతుంది. అలాంటి అంకెను పట్టుకుని "తీసేయమంది" అనడం నాకు నచ్చదు.

పైగా 1990లో ఆ స్కోరు తయారైంది యాభై చిల్లర కాళ్లు చూసి. తర్వాత అమెరికాలో లీప్ అధ్యయనం ఐదు వందలకు పైగా కాళ్లను చూసినప్పుడు తేలింది వేరు. స్కోరు తక్కువుంటే కాలు నిలబడుతుందన్న మాట బాగానే నిలిచింది. ఎక్కువుంటే పోతుందన్న మాట నిలవలేదు. అంటే అది నిలబెట్టడానికి ధైర్యం ఇస్తుందే గానీ, నరకడానికి ఆర్డర్ కాదు.

ఇక గంగా స్కోరు. కోయంబత్తూరు వాళ్లది మంచి స్కోరే. 14, ఆ లోపు అయితే నిలబెట్టు, 17, ఆ పైన అయితే తీయడం గురించి ఆలోచించు, మధ్యలో నీ అనుభవం. కానీ దాన్ని తయారుచేసింది నాళం తెగని ఓపెన్ ఫ్రాక్చర్ల మీద. ఇక్కడ నాళమే తెగింది. ఆ కొలబద్ద ఈ కాలికి పనికిరాదు.

కత్తి_రెడ్డి
గంగా స్కోరు గురించి ఒప్పుకుంటాను, అది నాకు తెలియదు. కానీ అరికాల్లో స్పర్శ లేదన్నారు కదా. అరికాలికి స్పర్శ ఇచ్చే టిబియల్ నరం పోయిన కాలు ఎందుకు? రేపు పుండు పడితే కుర్రాడికి తెలియను కూడా తెలియదు.

వాస్కులర్_అక్క
నరం తెగిందని కళ్లతో చూశారా, లేక గుచ్చితే తెలియలేదా? రెండూ ఒకటి కాదు. రక్తం లేని నరం కూడా మొద్దుబారుతుంది, సాగిన నరం కూడా. లీప్ వాళ్లే ఇదీ చూశారు. వచ్చినప్పుడు అరికాలు మొద్దుగా ఉండి, అయినా కాలు నిలబెట్టినవాళ్లలో సగానికి పైగా రెండేళ్లకు స్పర్శ తిరిగి వచ్చింది. అందుకని అదొక్కటే కారణంగా తీసేయకూడదు. పీజీ గారూ, నరం చూశారా లోపల?

నైట్‌డ్యూటీ_పీజీ
చూశాం మేడమ్. తెగలేదు. మూడు నాలుగు సెంటీమీటర్లు కమిలి నీలంగా ఉంది, కానీ తీగ కలిసే ఉంది. సార్ చుట్టూ ఉన్న గడ్డ కడిగి వదిలేశారు.

ఓటీ_సిస్టర్
నేను రాత్రి డ్యూటీ స్క్రబ్ నర్సును, వేరే హాస్పిటల్. మా స్టోర్‌లో షంట్ అని విడిగా ఏదీ ఉండదు. మీరు ఏ గొట్టం వాడారు? మేము ఏం సిద్ధంగా పెట్టుకోవాలో చెప్పండి.

నైట్‌డ్యూటీ_పీజీ
సిస్టర్, మా దగ్గరా లేదు. ఇన్‌ఫెంట్ ఫీడింగ్ ట్యూబ్ వాడారు, 10 నంబరు. సార్ చేస్తుంటే పక్కన పట్టుకున్నది నేనే, గుర్తున్నంత వరకు చెబుతాను.

ముందు పైనా కిందా నాళాన్ని మెత్తటి క్లాంపులతో పట్టారు. ఫోగార్టీ క్యాథెటర్ 3 నంబరు కింది కొసలోంచి పాదం వైపు పంపి, బెలూన్ ఉబ్బించి మెల్లగా వెనక్కి లాగారు. అరచేతి పొడవు నల్లటి గడ్డ, వానపాములా వచ్చింది. రెండోసారి లాగితే ఏమీ రాలేదు, కింద నుంచి కొంచెం రక్తం వెనక్కి కారింది. అది చూశాకే సార్ ముఖంలో టెన్షన్ తగ్గింది. తర్వాత హెపారిన్ కలిపిన సెలైన్‌తో కింది కొసను మెల్లగా కడిగారు.

ట్యూబ్ చివర పక్క రంధ్రాలు ఉంటాయి కదా, ఆ ముక్క మొత్తం కత్తిరించి పడేశారు. మిగతాదాన్ని రెండు కొసలా కొద్దిగా ఏటవాలుగా కోసి, ముళ్లలా ఉన్న అంచును వేలితో తడిమి నున్నగా చేశారు. పదును ఉంటే నాళం లోపలి పొర లేచిపోతుందట. సరిగ్గా మధ్యలో ఒక సిల్కు దారం కట్టారు. ఎందుకని అడిగితే, "గొట్టం జారితే ఈ ముడి పక్కకు పోతుంది, కంటికి తెలుస్తుంది" అన్నారు. పొడవు కావాలనే ఎక్కువ ఉంచారు, తర్వాత ఫిక్సేటర్ కాలిని లాగితే ఊడిపోకూడదని. కింది కొసలోకి ముందు పెట్టి, రక్తం వెనక్కి వచ్చి ట్యూబ్ నిండాక, గాలి పోయేలా చూసి పై కొసలోకి పెట్టారు. రెండు చోట్లా సిల్కు దారంతో కట్టారు.

పాత_సర్జన్
ఆ కట్టే చోటు గురించి ఒక్క మాట. తెగిన కొసకు వీలైనంత దగ్గరగా కట్టాలి. దారం నొక్కిన చోట లోపలి పొర పాడవుతుంది, గ్రాఫ్ట్ వేసేటప్పుడు ఆ ముక్క కోసేయాల్సిందే. ఎక్కడో లోతుకు వెళ్లి కడితే పనికొచ్చే నాళం కూడా పోగొట్టుకుంటాం. మోకాలి వెనక ఉండే ఈ పాప్లిటియల్ నాళం దగ్గర ప్రతి సెంటీమీటరూ కావాలి.

సిరకు కూడా పెట్టారా?

నైట్‌డ్యూటీ_పీజీ
పెట్టారు సార్, ఐవీ సెట్ ట్యూబ్ ముక్క. "రక్తం పంపితే సరిపోదు, తిరిగి వచ్చే దారి కూడా ఉండాలి, లేకపోతే కాలు ఉబ్బి గాయమంతా కారుతూనే ఉంటుంది" అన్నారు.

మత్తుడాక్టర్
అనస్థీషియా వైపు నుంచి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను చెప్పాలి. క్లాంపు తీసే ముందు మాకు చెప్పారా? చాలామంది చెప్పరు. నాలుగున్నర గంటలు రక్తం లేని కాల్లోంచి మొదట వచ్చే రక్తం పొటాషియంతో, ఆమ్లంతో నిండి ఉంటుంది. అది గుండెకు చేరిన నిమిషంలోనే మానిటర్ మీద ఈసీజీలో టీ అలలు సూదుల్లా లేస్తాయి. బీపీ జారుతుంది. కాల్షియం గ్లూకోనేట్ సిరంజిలో లోడ్ చేసి చేతిలో ఉండాలి, వెతుక్కునే టైం ఉండదు. ఆ తర్వాత యూరిన్ బ్యాగ్ చూడండి. డికాషన్ రంగు వచ్చిందంటే కండ కరిగి కిడ్నీలకు వస్తోందని అర్థం.

ఇంకో మాట, ఇది ముఖ్యం. షంట్ పెట్టకూడని కాలు కూడా ఉంటుంది. ఒకసారి జిల్లా నుంచి పది గంటల తర్వాత ఒకరిని తెచ్చారు. పిక్క చెక్కలా ఉంది, చీలమండ వంచితే వంగలేదు. అది చచ్చిన కండ. దాన్లోకి రక్తం తెరిస్తే కాలు దక్కదు, మనిషి పోతాడు. ఆ రోజు టూర్నికే అలాగే ఉంచి కాలు తీయించాం. పీజీ గారు "పిక్క మెత్తగా ఉంది, చీలమండ ఆడుతోంది" అని రాసిన ఒక్క లైను నాకు స్కోరు కంటే ఎక్కువ చెప్పింది.

నైట్‌డ్యూటీ_పీజీ
మేడమ్ చెప్పినట్టే జరిగింది. తెరిచిన రెండో నిమిషంలో టీ అలలు పొడవయ్యాయి, కాల్షియం ఇచ్చారు, సర్దుకుంది. మూత్రం ఒక పూట లేత టీ రంగులో వచ్చి తర్వాత తేరింది.

గచ్చిబౌలి_ఫిజియో
ఆరు గంటలు దాటితే ఎవరికీ షంట్ పెట్టకూడదనేగా దీని అర్థం?

మత్తుడాక్టర్
కాదు. ఆరు గంటలు గడియారం ముల్లు కాదు. పక్క దారుల్లో కొంచెం రక్తం వెళ్తున్న కాలు ఎనిమిది గంటలకూ బతికి ఉండొచ్చు. పూర్తిగా ఆగి, పైన షాక్ కూడా ఉంటే నాలుగు గంటలకే కండ చావొచ్చు. టైం చూసి భయపడండి, కానీ నిర్ణయం కండను చూసి తీసుకోండి.

వాస్కులర్_అక్క
ఆ కండ చూడటానికే షంట్ పెట్టిన వెంటనే ఫేషియాటమీ చేయాలి, అంటే కండల చుట్టూ ఉన్న పొరను కోసి తెరవాలి, ఎదురుచూడకూడదు. పక్కన ఒక గాటు, లోపల ఒక గాటు, కండలుండే నాలుగు గదులూ తెరుచుకోవాలి. రక్తం తిరిగి వచ్చిన కండ ఉబ్బుతుంది, మూసి ఉంచితే మనం పంపిన రక్తాన్ని అదే ఆపేస్తుంది. పీజీ గారూ, చేశారు కదా? తర్వాత షంట్ ఎంతసేపు ఆడింది?

నైట్‌డ్యూటీ_పీజీ
చేశారు మేడమ్. వెనక గదుల కండ ఎర్రగా, డయాథర్మీ కరెంటు ముట్టిస్తే ఎగిరింది. ముందు గదిలో సగం మట్టి రంగులో ఉంది, కదల్లేదు, కోస్తే రక్తం రాలేదు. దాన్ని ఆ రాత్రి పూర్తిగా తీయలేదు, 48 గంటలకు మళ్లీ తెరిచి నల్లబడినది తీశారు.

షంట్ దాదాపు రెండు గంటలు ఆడింది. ఫిక్సేటర్ పిన్నులు వేసి కాలు లాగినప్పుడు ఒక్కసారి డాప్లర్ చప్పుడు పోయింది. అందరం ఆగిపోయాం. చూస్తే మధ్య ముడి రెండు వేళ్లు కిందికి జరిగింది, పై కొస దగ్గర గొట్టం మడత పడింది. లాగుడు తగ్గించి సరిచేస్తే చప్పుడు తిరిగి వచ్చింది. ఆ దారపు ముడి లేకపోతే గడ్డ కట్టిందనుకుని మళ్లీ ఫోగార్టీ వేసేవాళ్లం.

యాదగిరి_నకిలీకాలు
డాక్టర్ల మధ్య నేను మాట్లాడొచ్చో లేదో తెలియదు. నాది కూడా ఇలాంటిదే, 2016లో, పటాన్‌చెరు దగ్గర. కాలు నిలబెట్టారు. పద్నాలుగు నెలల్లో పదకొండు ఆపరేషన్లు. ఎముక అతకలేదు, చీము ఆగలేదు. ఆరోగ్యశ్రీ ఆపరేషన్లకు వచ్చింది గానీ, ఇంట్లో పొయ్యికి రాలేదు కదా. ఊళ్లో అరెకరం అమ్మాం. చివరికి నేనే "తీసేయండి సార్" అని అడిగాను. మోకాలి కింద తీశారు. ఆరు నెలల్లో నకిలీ కాలుతో అమీర్‌పేటలో మొబైల్ షాపులో నిలబడ్డాను. మొదటి రాత్రి తీసేసి ఉంటే ఆ అరెకరం ఉండేది. కానీ నిజం చెప్పాలంటే మొదటి రాత్రి తీసేసి ఉంటే ఆ డాక్టర్‌ని జీవితంలో క్షమించేవాణ్ణి కాదు.

పాత_సర్జన్
యాదగిరీ, మీలాంటి వాళ్లు మాట్లాడకపోతే ఈ చర్చ అసలు పూర్తి కాదు. మీరు చెప్పినదే లీప్ లెక్కల్లో కూడా ఉంది. రెండేళ్ల తర్వాత అడిగితే, కాలు నిలబెట్టుకున్నవాళ్లూ తీయించుకున్నవాళ్లూ దాదాపు ఒకే స్థాయిలో ఉన్నారు. నిలబెట్టినవాళ్లు మాత్రం ఎక్కువసార్లు ఆసుపత్రిలో చేరారు. ఒకటి గమనించండి, మీకు మోకాలు దక్కింది. మోకాలు ఉన్న మొండికీ లేని మొండికీ నడకలో చాలా తేడా. పాప్లిటియల్‌లో రక్తం ఆడకపోతే మోకాలి కింద తీసిన మొండి చర్మం కూడా మానదు, పైకి వెళ్లాల్సి వస్తుంది. అంటే చివరికి కాలు తీసినా, ఆ రాత్రి పెట్టిన గొట్టం మోకాలిని కాపాడి ఉండొచ్చు.

కత్తి_రెడ్డి
అది మంచి పాయింటే. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. పద్నాలుగు నెలలు, పదకొండు ఆపరేషన్లు. ఈ కుర్రాడి ఇంట్లో సంపాదించేవాళ్లు ఇంకెవరున్నారు? ఇదంతా ఆ రాత్రి ఎవరైనా వాళ్లకు చెప్పారా?

నైట్‌డ్యూటీ_పీజీ
చెప్పాం, కానీ మీరు అనుకున్నంత వివరంగా కాదు. తల్లి, పెళ్లయి ఏడాది కాని భార్య. ఓటీ బయట ఒకే కాగితం మీద రెండూ రాయించాం, నిలబెట్టే ప్రయత్నానికి ఒకటి, లోపల చూశాక తీయాల్సి వస్తే ఒకటి. తల్లి రెండో దాని మీద సంతకం పెట్టలేదు. "నిద్ర లేచాక వాణ్ణే అడగండి" అంది. షంట్ పెట్టడం వల్ల వాణ్ణి నిజంగానే అడగగలిగాం. 48 గంటల తర్వాత మెలకువలో ఉన్నాడు, ముందు గది కండ పోయిందని, పాదం పైకి లేవకపోవచ్చని, ఇంకా నాలుగైదు ఆపరేషన్లు ఉంటాయని సార్ కూర్చుని చెప్పారు. ఉంచమన్నాడు. డబ్బు లెక్క మాత్రం ఎవరూ చెప్పలేదు. అది మా తప్పే.

వాస్కులర్_అక్క
ఇప్పుడెలా ఉంది? ఫ్లాప్ నిలబడిందా?

నైట్‌డ్యూటీ_పీజీ
పిక్క కండ తిప్పి ఎముక కప్పారు, తొమ్మిదో రోజు. పైన చర్మం అంటించారు, ఒక మూల అణా బిళ్లంత ఇంకా మానలేదు. పాదం వెచ్చగా ఉంది, నాడి అందుతోంది. వేళ్లు కిందికి కొంచెం వంచుతున్నాడు, పైకి లేవవు. అరికాల్లో గుండుసూది తెలియదు. చీలమండ లోపలి వైపు వేలితో కొడితే మడమలోకి చీమలు పాకినట్టుందని నిన్న మొదటిసారి అన్నాడు. మా సార్ ఒక్కసారి కొట్టి చూసి ఏమీ అనకుండా కేస్ షీట్‌లో తేదీ వేసి రాసుకున్నారు.

యాదగిరి_నకిలీకాలు
ఆ కుర్రాడికి మాట్లాడాలనిపిస్తే నాతో మాట్లాడించండి డాక్టర్ గారూ. ఆదివారం షాపు ఉండదు.

ఓటీ_సిస్టర్
మా నైట్ ట్రేలో ఈ రోజు నుంచి 10 నంబరు ఫీడింగ్ ట్యూబ్ రెండు, ఫోగార్టీ 3, సిల్కు దారం పెడుతున్నాను. ఫోగార్టీ ఇండెంట్ స్టోర్ వాళ్లు పాస్ చేస్తారో లేదో చూడాలి.